తిరుమల ఫ్యామిలీ ట్రిప్: దర్శనం టైమ్, రిపోర్టింగ్ చోటు, కలుసుకునే టైమ్ ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలి?

 

వీడియోలో టికెట్ బుకింగ్ గురించి చెప్పాను కానీ, టికెట్ చేతికొచ్చాక జరగాల్సిన పని గురించి చెప్పడానికి టైమ్ సరిపోలేదు. మీ ఇంట్లో కూడా "నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, నువ్వే చూసుకో" అని ట్రిప్ మొత్తం మీ నెత్తిన పెట్టి ఉంటే, ఇది మీకోసమే. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ తీయడం సగం పనే. ఆ టికెట్ మీద ఉన్న టైమ్ పదమూడు మంది బుర్రల్లోకి ఒకే అర్థంతో వెళ్ళేలా చూడటం మిగతా సగం. నేను ఆ రెండో సగంలో ఒకసారి ఫెయిల్ అయ్యాను. ముందు అది చెప్తాను.

మా నానమ్మ బయట నిలబడిపోయిన గురువారం

మా నానమ్మకి ఎప్పటినుంచో ఒకే కోరిక. గురువారం నాడు స్వామిని చూడాలి. మామూలు రోజుల్లో స్వామివారి పెద్ద నామం కళ్ళని చాలావరకు కప్పేస్తుంది కదా. గురువారం నాడు ఆభరణాలు సడలించి, నామాన్ని సన్నగా తగ్గిస్తారు. అప్పుడు స్వామి కళ్ళు కనిపిస్తాయి. దాన్నే నేత్ర దర్శనం అంటారు. సాయంత్రం పూలంగి సేవ, మర్నాడు శుక్రవారం అభిషేకం. అంటే వారంలో ఆ ఒక్కరోజే. అందుకని గురువారానికే టికెట్లు తీశాను. స్లాట్ పొద్దున పదకొండు గంటలు.

ముందురోజు రాత్రి ఫ్యామిలీ గ్రూప్‌లో నేను పెట్టిన మెసేజ్ ఇది: "రేపు 11కి దర్శనం. 8కి తిరుపతిలో కలుద్దాం. ఆధార్ మర్చిపోవద్దు." అందరూ నమస్కారం బొమ్మ పెట్టారు. నేను హాయిగా పడుకున్నాను.

ఇప్పుడు ఆ మెసేజ్‌ని మళ్ళీ చదవండి. "తిరుపతిలో" అంటే ఎక్కడ? మన తెలుగువాళ్ళం కొండ మీదికి వెళ్ళొచ్చినా "తిరుపతి వెళ్ళొచ్చాం" అనే అంటాం. లడ్డూ తిరుమలలో ఇస్తారు, మనం "తిరుపతి లడ్డూ" అంటాం. నేను అన్నది కొండ కింద బస్టాండ్ దగ్గర అని. మా అత్తయ్యకి అర్థమైంది కొండ మీద అని. వాళ్ళు స్టేషన్‌లో దిగి, నేరుగా బస్సెక్కి పైకి వెళ్ళిపోయారు. మేం కింద ఎనిమిదిన్నర దాకా వాళ్ళకోసం చూస్తూ ఉన్నాం. అత్తయ్యకి ఫోన్ చేస్తే కలవలేదు. ఎందుకంటే "11కి దర్శనం" అన్నాను కాబట్టి, ఆవిడ ముందుగానే సెల్‌ఫోన్ కౌంటర్‌లో డిపాజిట్ చేసేసి, మాకోసం పైన వెతుకుతోంది.

అక్కడితో అయిపోలేదు. అంతకుముందు వారం నానమ్మ అత్తయ్య ఇంట్లో ఉండి వచ్చింది. ఆవిడ ఆధార్ కార్డు అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండిపోయింది. మేం పైకి చేరేసరికి పన్నెండు దాటింది. ప్రవేశం దగ్గర కార్డు అడిగారు. నా ఫోన్‌లో ఫోటో ఉంది కానీ వాళ్ళకి కావాల్సింది ఒరిజినల్, టైమూ దాటిపోయింది. వాళ్ళ పని వాళ్ళు సరిగ్గానే చేశారు. అత్తయ్యని వెతికి పట్టుకునేసరికి రెండయ్యింది. రాత్రికి తిరుగు రైలు. సర్వదర్శనం క్యూలో నిలబడే ఓపిక నానమ్మకి లేదు. గొల్ల మండపం పక్కనుంచి మహాద్వారం వైపు చూసి, అఖిలాండం దగ్గర కర్పూరం వెలిగించి, "స్వామి ఇంకా పిలవలేదులేరా" అంది.

స్వామి పిలిచే ఉంటాడండి. నా మెసేజే సరిగ్గా లేదు.

టికెట్ చదవడం నుంచే మొదలు

ఈసారి అదే నానమ్మ, అదే గురువారం. నవంబర్ 13కి ప్లాన్ చేశాను. మొత్తం పదమూడు మంది. ttdevasthanams.ap.gov.in లో సాధారణంగా మూడు నెలల ముందు, ఆ నెల 24వ తేదీ ప్రాంతంలో ఈ టికెట్ల కోటా వదులుతారు. ఒక లాగిన్‌లో ఒక బుకింగ్‌కి ఆరుగురే. అంటే పెద్ద కుటుంబం అయితే రెండు బుకింగులు తప్పవు. రెండు బుకింగులు అన్నాక ఒకే స్లాట్ దొరుకుతుందని అనుకోవద్దు. నాకు మధ్యాహ్నం పన్నెండు గంటల స్లాట్ దొరికింది. బాబాయి నంబర్‌తో రెండో బుకింగ్ చేసేలోపు అది నిండిపోయింది, ఒంటిగంట స్లాట్ దొరికింది.

ఇక్కడ మన బుర్ర ఒక అడ్డదారి చూపిస్తుంది. "అందరం ఒంటిగంటకే వెళ్దాం, ఏమవుతుంది" అని. పన్నెండు టికెట్ వాళ్ళు గంట ఆలస్యంగా వెళ్ళడం, లేదా ఒంటిగంట టికెట్ వాళ్ళు గంట ముందే వెళ్ళడం, రెండూ అక్కడున్నవాళ్ళ దయ మీద ఆధారపడేవే. ఎవరో ఒకసారి వదిలారని మనం దాన్ని ప్లాన్‌గా పెట్టుకోకూడదు. అందుకని రెండు బ్యాచ్‌లు, రెండు టైములు అని మొదటిరోజే తేల్చేశాను. "విడిపోతామా" అని అమ్మ కొంచెం బాధపడింది, ఆ బాధ ఆగస్టులోనే అయిపోవడం మంచిది.

ఎవరు ఏ బ్యాచ్ అనేది ఇంకా ముఖ్యం. ఆడవాళ్ళు ఒకవైపు, పిల్లలు ఒకవైపు అని కాదు. నడిపించే మనిషి, నడవలేని మనిషి ఒకే బుకింగ్‌లో ఉండాలి. కార్డు పట్టుకునే మనిషి కూడా అక్కడే ఉండాలి. మొదటి బ్యాచ్: నానమ్మ, నాన్న, అమ్మ, అత్తయ్య, మామయ్య, నేను. రెండోది: బాబాయి, పిన్ని, వాళ్ళమ్మాయి, వాళ్ళబ్బాయి, అక్క, బావ. అక్క కొడుక్కి ఆరేళ్ళు, టికెట్ అక్కర్లేదు, వాళ్ళతోనే వస్తాడు. అరవై అయిదు దాటిన పెద్దలకి విడిగా కోటా ఉంది, నానమ్మకి అదీ చెప్పాను. "మీ అందరితో కలిసే వెళ్తాను" అంది. ఇక మాట్లాడలేదు.

డబ్బు కట్టేముందు ఒక పొరపాటు దొరికింది. పన్నెండేళ్ళు నిండని పిల్లలకి టికెట్ అక్కర్లేదు అని బాబాయి కూతుర్ని మొదట లెక్కలో వేసుకోలేదు. ఆగస్టులో దానికి పదకొండేళ్ళే. కానీ పుట్టినరోజు అక్టోబర్‌లో. దర్శనం నవంబర్‌లో. వయసు చూడాల్సింది బుక్ చేసే రోజున కాదు, దర్శనం రోజున. ఇలాంటివి ఆ స్క్రీన్ మీద డబ్బు కట్టేలోపే చూసుకోవాలి. టికెట్ వచ్చాక పేరు మార్చడం, డేట్ జరపడం, వేరేవాళ్ళకి ఇవ్వడం కుదరదు.

టికెట్ పీడీఎఫ్ రాగానే అందరూ చేసే పని దాన్ని గ్రూప్‌లోకి ఫార్వర్డ్ చేయడం. నేనూ చేశాను, కానీ ముందు కూర్చుని నాలుగు సంగతులు చదివాను. తేదీ, టైమ్, రిపోర్ట్ చేయాల్సిన చోటు, ఒక్కొక్కరి పేరు పక్కన కార్డు నంబరు. రిపోర్టింగ్ చోటు టికెట్ మీదే అచ్చయి ఉంటుంది. మాకు ఏటీసీ దగ్గర అని వచ్చింది. మీకు ఏది ఉంటే అదే చెప్పండి. "వైకుంఠం క్యూ కాంప్లెక్స్ అంటే నాకు తెలుసులే, పోయినసారి వెళ్ళాం" అనే మామయ్య ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆయన పోయినసారి వెళ్ళింది సర్వదర్శనానికి కావచ్చు, దాని దారి వేరు.

పన్నెండు అంటే పన్నెండు కాదు

టికెట్ మీద ఉన్న టైమ్ స్వామి ఎదుట నిలబడే టైమ్ కాదండి. క్యూలో ప్రవేశించడానికి రిపోర్ట్ చేసే టైమ్. అక్కణ్ణించి గర్భాలయం దాకా రద్దీని బట్టి రెండు గంటలు పట్టొచ్చు, నాలుగు పట్టొచ్చు. నేను పోయినసారి "11కి దర్శనం" అని రాయడంలో ఉన్న తప్పు ఇదే. అది చదివినవాళ్ళు "పన్నెండుకి బయటికొచ్చి, భోంచేసి, రెండు గంటల బస్సెక్కుదాం" అని లెక్క వేసుకుంటారు. మామయ్య నిజంగానే అలా వేసుకుని తిరుగు టికెట్ మార్చుకుందామన్నాడు.

కాబట్టి ఈసారి పన్నెండు నుంచి వెనక్కి లెక్కవేశాను. ఏటీసీ దగ్గర పదకొండున్నరకి నిలబడి ఉండాలి. దానికి గదిలో ఫోన్లు, బ్యాగులు, చెప్పులు వదిలి పదకొండుకి బయల్దేరాలి. నానమ్మ నడకకి అర్ధగంట కావాలి. నా నడకకి పది నిమిషాలు చాలు. ప్లాన్ మాత్రం ఆవిడ నడకతోనే వేయాలి. దానికంటే ముందు వరాహస్వామి దర్శనం ఉంది.

ఇది చాలామంది ప్లాన్‌లో మర్చిపోతారు, తర్వాత "టైమ్ లేదు" అని వదిలేస్తారు. తిరుమల క్షేత్ర సంప్రదాయంలో మొదటి దర్శనం వరాహస్వామిది. ఈ కొండ ఆదిలో వరాహస్వామిదని, శ్రీనివాసుడు వచ్చి చోటు అడిగినప్పుడు ఆయన ఇచ్చాడని, బదులుగా మొదటి పూజ, మొదటి నైవేద్యం, మొదటి దర్శనం మీకే జరుగుతాయని శ్రీనివాసుడు మాటిచ్చాడని స్థలపురాణం. ఇంటి యజమానిని పలకరించకుండా లోపలికి వెళ్ళం కదా, అలాగన్నమాట. గుడి పుష్కరిణి గట్టునే ఉంటుంది. ఆ మాటకి చోటు ఇవ్వాలంటే ప్లాన్‌లో ఒక గంట పక్కన పెట్టాలి. సో, వరాహస్వామి గుడి ముందు తొమ్మిదిన్నర. పదిన్నరకి టిఫిన్, పదకొండులోపు గది.

తొమ్మిదిన్నరకి అక్కడ ఉండాలంటే కొండ ఎప్పుడు ఎక్కాలి? అలిపిరి చెక్‌పోస్ట్ దగ్గర బండి దిగి, లగేజీ స్కానింగ్ చేయించుకుని, మళ్ళీ ఎక్కడానికి అర్ధగంట నుంచి ముప్పావుగంట. ఘాట్ రోడ్డు మరో ముప్పావుగంట. పైన గదికి చేరి కాళ్ళు కడుక్కోవడానికి ఇంకో ముప్పావు. అంటే తిరుపతిలో హోటల్ నుంచి ఆరూ ముప్పావుకి బండి కదలాలి.

ఒక చిన్న గొడవ ఇక్కడ. నాన్న "ఆరింటికే అని చెప్పు, అప్పటికి ఏడింటికైనా వస్తారు" అన్నారు. మన ఇళ్ళల్లో ఇది తరతరాల టెక్నిక్. నేను ఒప్పుకోలేదు. ఒకసారి దొంగ టైమ్ చెబితే, తర్వాతిసారి అందరూ దాంట్లోంచి ముప్పావుగంట తీసేసి వింటారు. అప్పుడు నిజం టైమ్ చెప్పినా అదే తీసివేత. అందుకని బఫర్‌ని దాచకుండా బయటే పెట్టాను. "ఆరున్నరకి లాబీలో, ఆరూ ముప్పావుకి బండి కదులుతుంది, ఎవరైనా రాకపోతే వాళ్ళు బస్సులో వస్తారు" అని. చివరి ముక్క మామయ్యకి కొంచెం కష్టంగా అనిపించింది. ఆరింబావుకే లాబీలో ఉన్నది మాత్రం ఆయనే.

ఎక్కడ కలవకూడదు

పోయినసారి కింద కలుద్దామనుకోవడమే తప్పు. ఈసారి కొండ కింద కలుసుకోవడం అనేదే తీసేశాను. కారణం సింపుల్. పైకెళ్ళే ఘాట్ రోడ్డు వేరు, కిందికి దిగే రోడ్డు వేరు, రెండూ వన్‌వేలు. చెక్‌పోస్ట్ దాటి రోడ్డెక్కాక "అయ్యో, బాబాయి వాళ్ళు వెనక ఉండిపోయారు" అంటే మధ్యలో తిప్పుకుని రాలేం. పైదాకా వెళ్ళి, ఇంకో రోడ్డు పట్టుకుని దిగి, మళ్ళీ ఎక్కాలి. చెక్‌పోస్ట్ దగ్గర బండి ఆపుకుని ఎదురుచూసే చోటూ కాదు అది. కాబట్టి ఎవరి బండి వాళ్ళది, ఎవరి టైమ్ వాళ్ళది, కలుసుకునేది పైనే.

బావ, బాబాయి కొడుకు శ్రీవారి మెట్టు ఎక్కుతామన్నారు. అలిపిరి దారి మూడువేల అయిదువందల యాభై మెట్లు, శ్రీవారి మెట్టు అంతకంటే చాలా తక్కువ దూరం, కానీ నిటారు. బావ "గంటలో ఎక్కేస్తా" అన్నాడు. నేను రెండున్నర గంటలు వేశాను. మెట్టు మొదలయ్యే చోటు ఊరికి దూరం, శ్రీనివాస మంగాపురం వైపు. అక్కడికి ఆటోలో వెళ్ళడానికి కూడా టైమ్ పడుతుంది. వాళ్ళ ఆధార్ కార్డులు మాత్రం వాళ్ళ జేబుల్లోనే ఉండాలని, మా బ్యాగుల్లో పెట్టొద్దని చెప్పాను. లగేజీ వేరే దారిలో వెళ్ళొచ్చు, కార్డు వెళ్ళకూడదు.

ఇక దర్శనం అయ్యాక కలుసుకునే చోటు. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అప్పటికి ఎవరి దగ్గరా ఫోన్ ఉండదు. "బయటికొచ్చాక కాల్ చెయ్" అనే మాట తిరుమలలో పనిచేయదు. రెండు బ్యాచ్‌లు రెండు టైముల్లో వస్తాయి. ఒకే బ్యాచ్‌లో కూడా బంగారు వాకిలి దగ్గర తోపులో ఇద్దరు ముందు, నలుగురు వెనక అయిపోతారు. లడ్డూ కౌంటర్ దగ్గర అనుకుంటే అక్కడ బోలెడన్ని వరసలు. గుడి ముందు అంటే నాలుగు మాడవీధులూ గుడి ముందే అనిపిస్తాయి. అందుకని నాదనీరాజనం వేదిక ముందు అన్నాను. గుడి ఎదురుగానే ఉంటుంది, ఎవర్ని అడిగినా చూపిస్తారు, పెద్దవాళ్ళు కూర్చోవచ్చు. ఎవరు ముందొస్తే వాళ్ళు అక్కడే కూర్చుని ఉండాలి, వెతకడానికి లేవకూడదు. సాయంత్రం ఏడు దాటినా ఎవరైనా రాకపోతే అందరూ గదికి.

చివరికి పంపిన మెసేజ్

బుధవారం రాత్రి కాదు, ఆదివారం పంపాను. "రేపు", "ఎల్లుండి" అనే మాటలు ఎక్కడా లేవు. రాత్రి పదకొండున్నరకి పంపిన "రేపు"ని ఎవరైనా తెల్లారాక చదివితే అది ఇంకో రోజు అయిపోతుంది. "12 గంటలు" అని ఒట్టిగా రాసినా తిరుమలలో ప్రమాదమే, అక్కడ అర్ధరాత్రి కూడా దర్శనాలు నడుస్తూనే ఉంటాయి. రెండు బ్యాచ్‌లకి రెండు మెసేజ్‌లు, విడివిడిగా. మొదటి బ్యాచ్‌ది ఇలా ఉంది:

> నవంబర్ 13, గురువారం. మొదటి బ్యాచ్: నానమ్మ, నాన్న, అమ్మ, అత్తయ్య, మామయ్య, నేను.
>
> పొద్దున 6:30 హోటల్ లాబీ. 6:45కి బండి కదులుతుంది.
>
> పొద్దున 9:30 తిరుమల కొండ మీద, పుష్కరిణి పక్కన వరాహస్వామి గుడి ముందు. రెండు బ్యాచ్‌లూ ఇక్కడే కలుస్తాయి.
>
> పొద్దున 11:00 గది నుంచి బయల్దేరడం. ఫోన్లు, చెప్పులు గదిలోనే. మగవాళ్ళు పంచె, ఆడవాళ్ళు చీర లేదా చున్నీతో చుడీదార్.
>
> పొద్దున 11:30 ఏటీసీ దగ్గర. టికెట్ మీద టైమ్ మధ్యాహ్నం 12:00. ఇది క్యూలోకి వెళ్ళే టైమ్. స్వామి దర్శనం 2 నుంచి 4 మధ్య కావచ్చు.
>
> దర్శనం తర్వాత: నాదనీరాజనం వేదిక ముందు. కూర్చుని ఉండండి, వెతకొద్దు. రాత్రి 7 దాటితే గదికి.
>
> ఆధార్ ఒరిజినల్ ఎవరిది వాళ్ళ దగ్గరే. నానమ్మది నాన్న జేబులో.
>
> ఏ మార్పు వచ్చినా నేను ఫోన్ చేసి చెప్తాను. వేరే మెసేజ్ ఏది వచ్చినా నమ్మొద్దు.

దీనికీ నమస్కారం బొమ్మలే వచ్చాయి. మన ఫ్యామిలీ గ్రూపుల్లో గుడ్ మార్నింగ్‌కీ అదే, చావు కబురుకీ అదే. దాన్ని కన్ఫర్మేషన్ అనుకోవద్దు. నేను బుధవారం పొద్దున ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. "మెసేజ్ చూశారా" అని అడగలేదు, చూశాం అంటారు. "బాబాయ్, గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి మీరెక్కడ ఉంటారు?" అని అడిగాను.

"అలిపిరి దగ్గర ఉంటాం రా, నువ్వు రాగానే కలిసి ఎక్కేద్దాం" అన్నాడు బాబాయి.

రెండో బ్యాచ్ మెసేజ్‌లో అలిపిరి అనే మాటే లేదు. పోయినసారి ప్లాన్ ఆయన బుర్రలో ఉండిపోయింది, దాని మీదే కొత్త మెసేజ్‌ని చదివాడు. "అలిపిరి అంటే ఎక్కడ బాబాయ్, చెక్‌పోస్టా, పాదాల మండపమా?" అని కూడా అడిగాను, నవ్వొచ్చి. ఆయన "అదే, గరుడుడి బొమ్మ ఉంటుంది చూడు" అన్నాడు. ఆ ఒక్క కాల్ చేయకపోయి ఉంటే అయిదుగురు మళ్ళీ కింద నిలబడేవాళ్ళు. మెసేజ్ తెరిపించి, తొమ్మిదిన్నర లైను ఆయనచేతే పైకి చదివించాను. "వరాహస్వామి గుడి ముందు. ఓహో, పైనా!" అన్నాడు.

నానమ్మకి, అత్తయ్యకి ఇంకో పని చేశాను. మెసేజ్‌లో చివరి సగం పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చెరొకటి ఇచ్చాను. గది నంబరు, కాటేజీ పేరు, నాదనీరాజనం, ఏడు గంటలు, నాన్న పేరు. ఫోన్ లేని చోట తప్పిపోయిన మనిషికి మెసేజ్ ఉపయోగపడదు, కాగితం ఉపయోగపడుతుంది. ఎవరికైనా చూపిస్తే చాలు, దారి చెప్తారు.

ఆ రోజు

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. బావ వాళ్ళు వరాహస్వామి గుడి దగ్గరికి పదీ పదికి వచ్చారు. గంటలో ఎక్కేస్తానన్న బావకి రెండుంబావు పట్టింది. మేం అప్పటికే దర్శనం చేసుకుని బయటికొచ్చాం. వాళ్ళ స్లాట్ ఒంటిగంట కాబట్టి వాళ్ళకి ఇంకా టైమ్ ఉంది, వాళ్ళు విడిగా వెళ్ళొచ్చారు. రెండు బ్యాచ్‌లుగా విడదీయడం అక్కడ కలిసొచ్చింది.

మేం పదకొండూ ఇరవైకే ఏటీసీ దగ్గర ఉన్నాం. నాన్న జేబులోంచి కార్డు తీసి నానమ్మ చేతికిచ్చారు. ఆవిడే చూపించింది. లోపల కంపార్ట్‌మెంట్‌లో గంటన్నర కూర్చోబెట్టారు. సేవకులు పాలు ఇచ్చారు. కదిలినప్పుడు ఒక్కసారిగా కదిలింది, వెండి వాకిలి దాటాక నానమ్మ చెయ్యి నేను, అత్తయ్య చెరోవైపు పట్టుకున్నాం. ఎంతసేపు చూసిందో తెలీదు, ఒక అయిదు సెకన్లు ఉంటుందేమో. నేను నామం వైపు చూశాను, నిజం చెప్పాలంటే నానమ్మ మొహం వైపే ఎక్కువ చూశాను.

బయట హుండీ దాటాక నాన్న, మామయ్య కనిపించలేదు. మేం వెతకలేదు. లడ్డూలు తీసుకుని నాదనీరాజనం దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారు. బాబాయి వాళ్ళు నాలుగున్నరకి వచ్చారు. అక్క కొడుకు మాత్రం "స్వామి చాలా పొడుగు" అని అందరికీ విడివిడిగా చెప్పాడు.

నానమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కళ్ళు చూశాన్రా" అంది.

ఇంటికొచ్చాక ఆ కాగితం పారేయబోతే ఇవ్వలేదు. ఇప్పుడది దేవుడి గూట్లో, పసుపుకుంకుమ పొట్లం కింద ఉంది.